ఎక్కడానికి ఆరు చుట్టలు, దిగడానికి రెండు

ఆ కొండ మీదికి జీపు ఎక్కించి దించడంలో గంటకు పదహారు కిలోమీటర్ల సరాసరి తీసిన డ్రైవరు నేనొక్కణ్ణే. నాకు ముందు ఎవడూ తీయలేదు, నా తరవాత ఎవడూ తీయలేడు. పదహారేనా అని నవ్వే వాళ్లు తారు రోడ్డు మీద పుట్టి తారు రోడ్డు మీదే పెరిగినవాళ్లు. వానాకాలంలో ఆ మట్టిదారి ఎలా ఉంటుందో వాళ్లకేం తెలుసు? నలభై మూడు మలుపులు. రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటాలి. పైన ఎర్రమట్టి, మట్టి కింద నున్నటి రాయి. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. మంచు దిగిందంటే జీపు బానెట్టు మీద ఏనుగు కూర్చున్నా కనిపించదు. అలాంటి దారిలో పదహారు.

ఈ మాట నేను అరకు సంతలో చెప్పాను. టీ బడ్డీల దగ్గర చెప్పాను. కిరండూలు రైల్లో ఎదురుగా కూర్చున్న, ముక్కూ మొహం తెలియని వాళ్లకు కూడా చెప్పాను. రిటైరైన రోజు శాలువా కప్పి మైకు చేతికిస్తే అందులోనూ చెప్పాను. చప్పట్లు కొట్టారు.

మలుపులు ముప్పై ఒకటే. ముందు అది ఒప్పుకుంటే మిగతాది ఒప్పుకోవడం కాస్త తేలికవుతుంది. ఏనుగును కూడా తీసెయ్యండి. పదహారు సంగతి మాత్రం చివర్లో తేలుస్తాను. దానికి ఒక మనిషి చావు అడ్డంగా ఉంది.

నేను లోయలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో డ్రైవరుగా పనిచేశాను. ఆసుపత్రికి ఉన్నది ఒకే జీపు. రోగులను తేవాలన్నా అదే, మందులు మోయాలన్నా అదే, పైనుంచి అధికారి వస్తే టిఫిను తేవడానికీ అదే. మా పరిధిలో ఉన్న పల్లెలన్నిటికన్నా పైనున్నది ఒక చిన్న పల్లె. పాతిక ఇళ్లు, చుట్టూ కాఫీ తోటలు, వాటి పైన మిరియాల తీగలు పాకిన పెద్ద చెట్లు. ఆసుపత్రి గేటు నుంచి ఆ పల్లె మొదటి గుమ్మం దాకా ఇరవై నాలుగు కిలోమీటర్లు. మీటరు చూసి చెబుతున్నాను, ఇందులో కల్తీ లేదు.

వానాకాలంలో ఆ ఇరవై నాలుగూ ఫస్టు గేరే. ముల్లు ఎనిమిది మీద వణుకుతూ ఉండేది. తొమ్మిదికి తెస్తే వెనక చక్రాలు బురద చిమ్మి జీపును అడ్డం తిప్పేసేవి. దిగేటప్పుడు దారి తెలిసిన చెయ్యి కాబట్టి ఇరవై నాలుగు మీద దిగేవాణ్ణి. ఎనిమిదీ ఇరవై నాలుగూ కూడితే ముప్పై రెండు. అందులో సగం పదహారు. అదీ నా పదహారు పుట్టిన తీరు.

మరి గంటల్లో ఎంత పట్టేదో తెలియదా అని అడుగుతారు. నిజంగానే తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు. మామూలు రోజుల్లో ఆ దారిలో నాలుగు పల్లెల్లో ఆగేవాళ్లం. ఒకచోట సూదిమందులు, ఒకచోట మాత్రలు, ఒకచోట చోడి అంబలి. పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లం. అందులో జీపు నడిచిందెంత, నిలబడిందెంత అని ఎవరూ విడదీసి చూడలేదు. ముల్లు చూపించే వేగమే నాకు తెలుసు. మగాడికి వేగం చెప్పుకోవడంలో ఉన్న సరదా గంటలు చెప్పుకోవడంలో ఉండదు.

విడదీసి చూసిన మనిషి ఒకతె ఉంది. ఆ పై పల్లెలో పురుళ్లు పోసే ముసలమ్మ. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్దది, అక్క వరసకు నేను అప్పా అని పిలిచేవాణ్ణి. సంతకు దిగాలన్నా, తిరిగి పైకి రావాలన్నా నా జీపు దొరికితే ఎక్కేది. ఎక్కగానే అడ్డపొగ ముట్టించేది, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చేది. జీపు ఎక్కడైనా ఆగిందంటే చుట్ట ఆర్పి కొంగున పెట్టుకునేది. జీపు కదిలితే మళ్లీ అదే చుట్ట ముట్టించేది. మొదట్లో పిసినారితనం అనుకున్నాను. కాదు, లెక్క. నడిచిన దారినే ఆమె చుట్టల్లో కొలిచేది. ఆ కొండల్లో దూరం అడిగితే పెద్దవాళ్లు అలాగే చెబుతారు, ఇన్ని చుట్టల దారి అని.

ఒక సంత రోజున జీపు పక్కనే నా గొప్ప ఎవరికో చెప్పుకుంటుంటే విన్నది.

"పదారంటే ఏటి బావూ?"

"నా సరాసరి అప్పా. ఎక్కితే ఎనిమిది, దిగితే ఇరవైనాలుగు. మొత్తమ్మీద పదహారు."

"ఏ మలుపు కాడ ఎల్తావు పదారు?"

"ఏ మలుపు కాడా ఎళ్లను. అది సరాసరి."

"ఎక్కడా ఎళ్లని దాన్ని పట్టుకొని ఏటి సేసుకుంతావు?" అని పళ్లు లేని నోటితో నవ్వింది. "నా లెక్క నాకుంది. ఎక్కడానికి ఆరు సుట్టలు, దిగడానికి రెండు. ఎనిమిది. మొలలో ఎనిమిది నేకపోతే నీ బండెక్కను. నీ పదారు కాల్సుకోడానికైనా పనికిరాదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మనసులో మాత్రం చదువురాని ముసలిదానికి సరాసరి ఏం తెలుస్తుంది అనుకున్నాను. నేను చదివింది ఏడో తరగతి.

ఆరేళ్ల కిందటి వానాకాలం అది. రెండు వారాలుగా ముసురు. అంతకు ముందు వారమే జీపు మొదటి గెడ్డలో కూరుకుపోతే ఆ పల్లె మగవాళ్లు నలుగురు డోలీ కట్టే తాళ్లతో బయటికి లాగారు. లాగి ఊరుకోలేదు.

"డ్రైవరు బావూ, రేపట్నుంచి నీ జీపుని మేమే డోలీ కట్టి మోసీమా? నీకన్నా బేగి ఎల్లిపోతాం" అన్నాడు వాళ్లలో ఒకడు.

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. అది ఇక్కడ చెప్పకపోతే తరవాత జరిగింది మీకు అర్థం కాదు.

పొద్దున్న తొమ్మిది కావస్తుండగా ఆసుపత్రి ఫోను మోగింది. పై పల్లెలో సిగ్నలు దొరికేది ఒక్కచోటే, ఊరి చివర ఒక బండ మీద. దాన్ని సిగ్నలు బండ అనే పిలుస్తారు. అక్కడి నుంచి ముసలమ్మే మాట్లాడుతోంది. ఆమె కూతురికి తెల్లవారుజామున పురుడు వచ్చింది. తల్లే పోసింది. ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది, పాలకు నోరు తెరిచింది. కానీ మాయ పడలేదు. రక్తం ఆగడం లేదు.

ఆ పల్లె నుంచి ఆసుపత్రికి రావడానికి రెండు దారులు. ఒకటి నా జీపు దారి. రెండోది కొండకు అవతలి వైపు నిటారుగా దిగే కాలిబాట, డోలీలో మోసుకుని దిగాలి. రెండున్నర గంటల్లో తారు రోడ్డు మీదికి వస్తుంది. అక్కడ జీపు ముందే వెళ్లి కాచుకుని ఉంటే, ఆసుపత్రికి ఇంకో అరగంట. మొత్తం మూడు గంటలు. డోలీ సిద్ధంగా ఉందనీ, మనుషులు ఉన్నారనీ ఫోనులో ముసలమ్మ చెప్పింది. బాట జారుతోందని కూడా చెప్పింది.

మా డాక్టరమ్మ అప్పటికి వచ్చి ఏడాది కాలేదు. చిన్న వయసు. ఫోను చెవి దగ్గరే పట్టుకుని నా వైపు తిరిగింది.

"మీరు పైకి వెళ్లి ఆమెను తీసుకురావడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎక్కేటప్పుడు ఎనిమిది, దిగేటప్పుడు ఇరవై నాలుగు. సరాసరి పదహారమ్మా."

"రానూ పోనూ ఎంత దూరం?"

"నలభై ఎనిమిది."

ఆమె కళ్లు ఒక్క క్షణం పైకప్పు వైపు వెళ్లాయి. "నలభై ఎనిమిది, పదహారు... మూడు గంటలు. డోలీ అయినా మూడే."

"మూడే అయితే డోలీ ఎందుకమ్మా?" అన్నాను. "ఈ వానలో కట్టెలమోపులాగ మోసుకొస్తారా? కాలు జారితే? నా బండి ఉందిగా. పడుకోబెట్టి తెస్తాను. సిస్టరమ్మను కూడా పంపండి, దారిలో సెలైను ఎక్కించొచ్చు."

అందులో తప్పుమాట ఒక్కటీ లేదు, మూడు అన్నది తప్ప. డాక్టరమ్మకు అది సబబుగానే అనిపించింది. నన్ను నమ్మింది. ఇరవై ఏళ్లుగా ఆ దారిలో బండి నడుపుతున్న మనిషిని నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతుంది? ఫోను నా చేతికిచ్చి, ఆమెకు మీరే ధైర్యం చెప్పండి అంది.

"అప్పా, డోలీ వొద్దు. నానొస్తన్నాను. మూడు గంటల్లో నీ కూతురు ఆసుపత్రిలో ఉంటాది" అన్నాను. అంతలో గాలికి లైను తెగిపోయింది. ఎక్కడానికి ఎంత, దిగడానికి ఎంత అని విడివిడిగా ఆ రోజు నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఇరవై నాలుగును ఎనిమిదితో భాగించడం నాకు రాకపోలేదు.

సరిగ్గా తొమ్మిదికి గేటు దాటాను. పక్క సీట్లో సిస్టరమ్మ, ఆమె ఒళ్లో మందుల పెట్టె. నేనెప్పుడూ ఎక్కడా ఆగకుండా ఆ కొండ ఎక్కలేదు. ఆ రోజే మొదటిసారి. దారిలో పల్లెల వాళ్లు చేతులెత్తి ఆపమన్నారు, ఆగలేదు. మొదటి గెడ్డలో నీళ్లు టైర్ల సగం దాకా ఉన్నాయి, ఆగలేదు. ముల్లు ఎనిమిది మీదే ఉంది. జీపు నాకు చేతనైనంత బాగా, ఎప్పటికన్నా బాగా ఎక్కింది. ఇది మాత్రం గొప్ప కాదు, సిస్టరమ్మను అడిగినా చెబుతుంది.

గంట గడిచేసరికి ఎనిమిది కిలోమీటర్లు ఎక్కాం. పదయింది. రెండు గంటలకు పదహారు. పదకొండయింది.

సిస్టరమ్మ తన వాచీ చూసుకుంది. తరవాత నన్ను చూసింది.

"మామయ్యా, రెండు గంటలైపోనాది. పన్నెండుకి ఆసుపత్రిలో ఉంటామన్నారు. మనం ఇంకా ఎక్కుతూనే ఉన్నామేటి?"

"దిగినప్పుడు సూడమ్మా. ఎగిరిపోతాం."

"ఎగిరినా మిగిలింది గంటే. పైకి ఇంకా ఎనిమిది ఉంది."

నేను ఇంకో మలుపు తిప్పాను. ఎడమచేతి వైపు లోయలో మంచు నిండి ఉంది. మిగిలిన గంట ఎటు పోతుందో నాకు అప్పుడు తెలిసింది. నా వేళ్ల కింద స్టీరింగు చెమటతో జారుతుంటే లుంగీ అంచుతో తుడుచుకున్నాను. యూనిఫాం ప్యాంటు కదా, లుంగీ ఎక్కడిది? చూశారా, ఇంత దిగులు మాటలోనూ అలవాటు చొప్పున ఏదో ఒకటి కలుపుతాను. చొక్కా చేతితో తుడుచుకున్నాను.

పన్నెండుకి పల్లె మొదటి గుమ్మం ముందు బ్రేకు వేశాను. పన్నెండుకి ఆసుపత్రిలో ఉంటుందని నేను మాటిచ్చిన మనిషి, పన్నెండుకి ఇంకా తన ఇంట్లోనే ఉంది.

డోలీ కట్టి వాకిట్లో పెట్టి ఉంది. దుప్పటి ముడులు గట్టిగా బిగించి ఉన్నాయి. గెడ్డలోంచి నా జీపును లాగిన నలుగురూ దాని పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నారు, తొమ్మిది గంటల నుంచి. వాళ్లు ఆ పొద్దున్నే బయల్దేరి ఉంటే, ఇప్పుడు ఆ అమ్మాయి డాక్టరమ్మ చేతుల్లో ఉండేది. వాళ్లలో ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండును.

గుమ్మం పక్క రాయి మీద ఆరు చుట్ట పీకలు వరసగా పెట్టి ఉన్నాయి. ముసలమ్మ దగ్గర వేరే గడియారం లేదు. ఒక చేత్తో కూతురి పొట్ట నొక్కుతూ, ఇంకో చేత్తో చుట్ట పట్టుకుని, ఒకటి అవగానే ఇంకోటి ముట్టించింది. నన్ను చూసి ఒకే మాట అంది.

"ఆరయినాయి."

మూడు గంటలకు ఆరు. అంటే చుట్ట ఒకటికి అరగంట. ఇన్నేళ్లు ఆమెను జీపులో ఎక్కించుకుని తిరిగి, ఆ మాట నేను తెలుసుకున్నది ఆ గుమ్మంలో.

సిస్టరమ్మ సూదిమందు ఇచ్చింది, సెలైను పెట్టింది. వెనక సీట్లు మడిచి పడుకోబెట్టాం. ఆ అమ్మాయి పెదవులు తెల్లగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది. "బాబాయ్, గుంటని సూసినావా?" అని అడిగింది. పిల్లను చూశానన్నాను. చూడలేదు. తరవాత చూశాను. ముసలమ్మ పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని కూతురి తల పక్కన కూర్చుని, ఏడో చుట్ట ముట్టించింది.

దిగడం మొదలుపెట్టాను. ఇరవై నాలుగు. ముప్పైకి తీసుకెళ్లాను. జీపు ఒక గోతిలో పడి లేచేసరికి వెనక నుంచి సిస్టరమ్మ అరిచింది. "మామయ్యా, సంపేత్తావేటి!" మళ్లీ ఇరవై నాలుగుకు తెచ్చాను. నాకు అప్పటికి లెక్క పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఒక్కటి మాత్రం తెలిసింది. నేను ముప్పై మీద దిగినా, అరవై మీద దిగినా, ఆ మూడు గంటలు ఇక తిరిగిరావు. అవి కొండ ఎక్కడంలోనే అయిపోయాయి. నేను మాటిచ్చిన పదహారు రావాలంటే, కొండ మీంచి ఆసుపత్రికి రెప్పపాటు కూడా పట్టకుండా దిగాలి. అంత తొందరగా ఆ కొండ దిగే దారి ఒకటే ఉంది, ఏ మలుపులోనైనా స్టీరింగు వదిలేస్తే చాలు.

అరగంటకు ఏడో చుట్ట అయిపోయింది. ఎనిమిదోది ముట్టించిన అగ్గిపుల్ల వెలుగు అద్దంలో కనిపించింది. కింది గెడ్డ దాటాం. ఆసుపత్రి ఇంకో ఆరు కిలోమీటర్లు ఉందనగా, వెనక చప్పుడు మారింది. మాట కాదు, ఏడుపు కాదు. సిస్టరమ్మ సెలైను సీసాను కిందికి దించిన చప్పుడు.

ముసలమ్మ సగం కాలిన చుట్టను ఆర్పింది. జీపు ఆగలేదు, నడుస్తూనే ఉంది. అయినా ఆర్పింది.

"ఇంక నెమ్మదిగా ఎల్లు బావూ" అంది.

నేను నెమ్మదిగా వెళ్లాను. ఒంటిగంటన్నరకు గేటు దగ్గర ఆపాను. డాక్టరమ్మ పన్నెండు నుంచీ వానలో గొడుగు వేసుకుని అక్కడే నిలబడి ఉంది.

వారం తరవాత ఒక మధ్యాహ్నం రోగులు వెళ్లిపోయాక ఆమె నన్ను పిలిచింది. ఓపీ చీటీ వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టింది.

"నేను మిమ్మల్ని అనడానికి పిలవలేదు. ఆ రోజు భాగించింది నేను. చూడండి" అని రాసింది. ఎక్కడానికి ఇరవై నాలుగు కిలోమీటర్లు, గంటకు ఎనిమిది, మూడు గంటలు. దిగడానికి ఇరవై నాలుగు కిలోమీటర్లు, గంటకు ఇరవై నాలుగు, ఒక గంట. మొత్తం నలభై ఎనిమిది కిలోమీటర్లు, నాలుగు గంటలు.

"అంటే సరాసరి పన్నెండు. పదహారు కాదు."

"ఎనిమిదికీ ఇరవై నాలుగుకీ మధ్య పదహారే గదమ్మా?"

"మధ్యలో ఉన్నది పదహారే. కానీ మీరు ఎనిమిది మీద ఎంతసేపు ఉన్నారు? మూడు గంటలు. ఇరవై నాలుగు మీద? ఒక్క గంట. రెండింటి మీదా సమానంగా రెండేసి గంటలు నడిచి ఉంటే పదహారు నిజమయ్యేది. కానీ దారి సమానం, సమయం సమానం కాదు. నెమ్మదిగా నడిచిన దారే ఎక్కువసేపు తింటుంది, అందుకే సరాసరిని తన వైపు లాక్కుంటుంది." కలం మూత పెట్టింది, మళ్లీ తీసింది. "వేగాలు కూడి సగం చెయ్యకూడదు. సమయాలు కూడాలి. పదో తరగతి పిల్లలకు చెప్పే లెక్క. నేను వైద్యం చదివాను."

ఆరూ రెండూ ఎనిమిది. ముసలమ్మ ఏనాడూ వేగాన్ని లెక్కలోకి రానివ్వలేదు. చుట్టలే కూడింది. చుట్టలు కూడితే తప్పు రావడానికి దారే లేదు.

"గంట ముందు వచ్చి ఉంటే బతికేదా అమ్మా?" అని అడిగాను.

డాక్టరమ్మ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టింది. "బతికి ఉండొచ్చు" అంది. నాకు కావలసిన జవాబు అది కాదు. బతకదు అంటుందేమోనని అడిగాను.

ఇప్పుడు అసలు ఒప్పుకోలు. ఆ చీటీ చూసిన తరవాత కూడా నేను పదహారు అనే చెప్పుకుంటూ వచ్చాను. అంతకు ముందుకన్నా ఎక్కువ చెప్పాను, ఎక్కువ గట్టిగా చెప్పాను. శాలువా కప్పిన రోజు మైకులో చెప్పినప్పుడు ఆ సిస్టరమ్మ మూడో వరసలో కూర్చుని ఉంది. ఆమె చప్పట్లు కొట్టలేదు. ఎందుకు చెప్పానంటారా? పదహారు నిజమైతే నేను మూడు గంటల్లో వచ్చినట్టే. మూడు గంటల్లో వచ్చి ఉంటే ఆ అమ్మాయి చావుకు రక్తం కారణం, వాన కారణం, రాత కారణం. నేను కాదు. వినేవాడు తల ఊపిన ప్రతిసారీ ఆ గంట నా మీంచి కాస్త తొలిగేది. రైలు దిగేలోగా మళ్లీ వచ్చి కూర్చునేది.

నాకు చుట్ట అలవాటు లేదు. అయినా ఒకసారి కొనుక్కుని, ఇంటి అరుగు మీద కూర్చుని వాచీ పెట్టుకుని కాల్చాను. మధ్యలో దగ్గు వచ్చి పారేశాను. గంటంటే రెండు చుట్టలు. ఒకటైనా పూర్తిగా కాల్చలేకపోయాను.

ఇదంతా ఈ మధ్యనే కాగితం మీద పెట్టాను. పెట్టాక ఆమెకు చదివి వినిపించకుండా ఎవరికీ చూపించకూడదనిపించింది. ఇప్పుడు ఆ దారి సగం దాకా తారు వేశారు, సర్వీసు ఆటోలు తిరుగుతున్నాయి. పై సగం నడిచాను. నడిచి చూస్తే మలుపులు ఇంకోరకంగా ఉంటాయి.

ముసలమ్మ గుమ్మంలో కాఫీ పళ్లు ఆరబోసుకుంటూ ఉంది. అప్పటి పసిగుడ్డుకు ఇప్పుడు ఆరేళ్లు, పళ్ల మీద వాలే పిట్టలను పుల్లతో తోలుతోంది. నన్ను చూసి ఎవరని అడిగితే, "నిన్ను మొదటిపాలి జీపెక్కించిన బావులే" అని ముసలమ్మ చెప్పింది. అంతకన్నా ఏమీ చెప్పలేదు.

నేను మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆమె అడ్డపొగ పీలుస్తూ, కళ్లు మూసుకుని విన్నది. ఏనుగు దగ్గర నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కూతురు మాటలు వచ్చినచోట చేత్తో పళ్లు కలపడం ఆపింది, అంతే. నేను కాగితాలు మడిచాను.

"అయిపోనాదేటి?"

"అయిపోయింది అప్పా."

"మలుపులు ముప్పై రెండు. గుడి కాడిది నువ్వు లెక్కెట్టనేదు."

"సరే, దిద్దుతాను."

"ఇంకోటుంది." చుట్ట నోట్లోంచి తీసి బూడిద రాల్చింది. నా మొహం వైపు చూడలేదు, పిల్ల వైపు చూస్తోంది. "ఫోను గాలికి తెగిపోనాదని రాసినావు. ఎవులూ అడగనేదని రాసినావు. నానడిగినాను. ఎక్కడానికెంత, దిగడానికెంత, దేనికది సెప్పు, డోలీ ఎత్తించాలా ఒద్దా అని అడిగినాను. ఒక్కపాలి కాదు, రెండుపాల్లు. 'లెక్కలు నీకేటి తెలుసప్పా, మూడంటే మూడే' అన్నావు. అనీసి నువ్వే పెట్టీసినావు. నీకు లెక్క తప్పనేదు. అడిగినదానికి నువ్వు జవాబు సెప్పనేదు. అది రాయి."